మూలలో నల్లతాడు

ఖబూరా ఒడ్డున షాషాలు ఇప్పుడు అరుదు. ఖర్జూరపు మట్టలను తాళ్లతో కట్టి చేసే చిన్న పడవ అది. ఒమాన్ బాతినా తీరం వాళ్లు ఒకప్పుడు వీటిలో వేటకి వెళ్లేవారు. ఇప్పుడు ఒడ్డంతా ఫైబర్ పడవలే. ఆ శుక్రవారం పొద్దున మాకు ఒక్క షాషా కనబడింది.

మాతో ఉన్న కోనసీమ బాబాయి ఇక ఇంటికి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ రాడు. "బాబూ, ఈ పడవ పక్కన ఒక ఫోటో తియ్యి. కాళ్లు కూడా పడాలి సుమా, ఇసుకలో నిలబడ్డట్టు తెలియాలి" అన్నాడు. నా పాత చిన్న కెమెరాతో ఒకటే తీశాను. ఆ తర్వాత బ్యాటరీ అయిపోయింది.

రాత్రి కంప్యూటర్‌లో చూస్తే కుడివైపు కింది మూలలో నల్లగా, మసగ్గా ఓ ఏటవాలు పట్టీ. కెమెరా మణికట్టు తాడు! గాలికి ఎగిరి లెన్సు ముందుకొచ్చింది.

ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. తాడు కింది అంచు మీద మూల నుంచి 360 పిక్సెళ్ల దాకా, కుడి అంచు మీద 300 దాకా ఆక్రమించింది. మూలకి అడ్డంగా గీత గీసినట్టు ఓ త్రికోణం.

ముందు కుడి అంచుని లోపలికి జరిపాను. తాడు పోయింది, పోయింది తొమ్మిది శాతమే. కానీ షాషా కొస కుడి అంచుకి 260 పిక్సెళ్ల దూరంలోనే ఉంది. కొస తెగితే అది పడవ కాదు, మట్టల మోపు. సరే అని వెనక్కి వచ్చి, ఈసారి కింది అంచుని 300 పైకి జరిపాను. బాబాయి పాదాలు కింది అంచుకి 210 ఎత్తులో ఉన్నాయి. చీలమండల దగ్గర తెగిపోయాడు. మనిషిని నడుము దగ్గర కోసినా కళ్లు ఒప్పుకుంటాయి గాని, చీలమండల దగ్గర కోస్తే పొరపాటున కోసినట్టే ఉంటుంది. పైగా ఆయన అడిగిందే పాదాలు.

పోయేది ఎంత శాతం అన్నది అసలు లెక్క కాదని అప్పుడు తెలిసింది. రెండుసార్లూ పదో వంతే పోయింది; పోయిన దాంట్లో ఏముందన్నదే తేడా.

కాసేపు తల పట్టుకున్నాక గుర్తొచ్చింది: తాడు ఏటవాలుగా ఉంది కదా, మొత్తం ఒకే వైపు నుంచి ఎందుకు కొయ్యాలి? రెండు వైపులా సగం సగం కోస్తే కొత్త మూల సరిగ్గా ఆ ఏటవాలు గీత మీదకే వస్తుంది. అంటే కుడి 180, కింద 150. తాడు అంచు మసక కాబట్టి కుడివైపు మరో 20 కలిపి 200 కోశాను. మిగిలింది 3800 × 2850. పాత 4:3 నిష్పత్తి చెడకుండానే ఉంది. పడవ కొస పక్కన 60 పిక్సెళ్లు, పాదాల కింద 60 పిక్సెళ్లు ఖాళీ మిగిలాయి. కొంచెం ఇరుకే, కానీ రెండూ బతికాయి.

ఈ ఉపాయం తాడుకే. వేలు పడితే కుదరదు. వేలు గుండ్రంగా లోపలికి ఉబ్బి ఉంటుంది, సగం సగం కోస్తే ఆ ఉబ్బు మూలలోనే మిగులుతుంది. అప్పుడు ఏదో ఒక వైపే కొయ్యాలి. ఇంకో సంగతి, వేలైనా తాడైనా కనబడే అంచు దగ్గర ఆగదు. పూర్తి సైజులో చూస్తే దాని చుట్టూ పల్చటి మసక ఉంటుంది. నా ఫోటోలోనూ కోశాక 100 శాతం జూమ్‌లో మూలను చూశాను. పక్క ఇసుక కంటే మూలలో ఇసుక నల్లగా కనిపిస్తే ఇంకాస్త కొయ్యాల్సిందే. నాది తేటగానే ఉంది.

అంతా అయిందనుకున్నాను. ప్రింటు దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. ఆయనకి ఆల్బంలో పట్టే 6×4 సైజు కావాలి. అది 3:2. మన 4:3 ఫోటోని అలాగే ఇస్తే స్టూడియోవాళ్ల మిషను ఎత్తులోంచి 317 పిక్సెళ్లు తీసేస్తుంది, పైన సగం కింద సగం. అంటే పాదాలు మళ్లీ పోతాయి! అందుకే ఆ 317ని నేనే పైనుంచి, ఆకాశంలోంచి తీసి 3800 × 2533 చేసి ఇచ్చాను. మొదటి ఫోటోలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. పోయినవాటిలో ఎక్కువ భాగం ఖాళీ ఆకాశం, మిగతాది ఇసుకా, పడవ అవతలి నీళ్లూ.

అసలు ఫైలు మాత్రం తాడుతో సహా అలాగే దాచాను.

బాబాయి ప్రింటు చేతిలోకి తీసుకుని ముందు కిందకే చూశాడు. "పాదాలు పడ్డాయి" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.