మీ దోమతెర ఇంకా కాపాడుతున్నదా?

పాడేరు మన్యంలో ఒక ఇంటిని ఊహించుకోండి. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. ప్రభుత్వం పంచిపెట్టిన మందు దోమతెరలు ఆ ఇంట్లో రెండున్నాయి. రోజూ రాత్రి వాటిలోనే పడుకుంటున్నారు. అయినా మూడో ఏట వానాకాలం గడిచేసరికి చిన్న పిల్లవాడికి చలిజ్వరం పట్టుకున్నది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. తెర ఉండగా జ్వరమెలా వచ్చింది?

ఈ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆ తెరలోనే దొరుకుతుంది. మందు దోమతెర చూడటానికి ఒకటిగా కనిపించినా, నిజానికి అందులో రెండు కంచెలున్నాయి. మొదటిది గుడ్డ, అది దోమను ఆపుతుంది. రెండవది దారానికి పట్టించిన మందు. అది తెరమీద వాలిన దోమను చంపుతుంది. డెల్టామెత్రిన్ వంటి ఈ మందును కొన్ని తెరలలో దారంపైన జిగురుపూతగా అంటిస్తారు. మరికొన్నింటిలో దారం తయారయ్యేటప్పుడే లోపల కలుపుతారు. పైనున్న మందు అరిగినకొద్దీ లోపలి మందు మెల్లగా పైకి వస్తుంది. గుడ్డ చిరగటం కంటికి కనిపిస్తుంది. మందు తరగటం కనిపించదు. తెరను ఎలా కట్టాలి, ఎప్పుడు ఉతకాలి, ఎప్పుడు మార్చాలి అనేవన్నీ ఈ రెండు కంచెలను కాపాడుకోవటానికి ఏర్పడిన నియమాలే.

కట్టే తీరు

కొత్త తెరను సంచిలోనుంచి తీసిన వెంటనే కట్టకూడదు. ఒక పగలూ ఒక రాత్రీ నీడలో పరచి గాలి తగలనివ్వాలి. లేకపోతే మందు ఘాటుకు కళ్ళు, చర్మం మండవచ్చు. ఆ తరువాత నాలుగు మూలలనున్న ఉచ్చులకు పురికొస కట్టి, ఒకే ఎత్తున మేకులకో దూలానికో బిగించాలి. తెర వదులుగా వేలాడుతూ, అంచులు పరుపు కిందికి గాని, నేలమీద పడుకునేవారికి చాప కిందికి గాని దోపేంత పొడవు మిగలాలి.

మన కథలోని ఇంట్లో మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. ఇద్దరికి ఒక తెర అన్నది లెక్క. ఐదుగురికి మూడు తెరలుండాలి, ఉన్నవి రెండే. తల్లి పక్కన ఇద్దరు పిల్లలు ఇరుక్కున్నారు. నిద్రలో చిన్నవాడి చేయి వెళ్ళి తెరకు ఆనుకునేది. చర్మం తెరకు అంటుకున్నచోట దోమ బయటినుంచే కుట్టగలదు. మందు బలంగా ఉన్నప్పుడు కుట్టకముందే అది పడిపోయే అవకాశం ఎక్కువ. మందు తరిగినప్పుడు ఆ భరోసా ఉండదు.

తెల్లవారగానే తెరను పైకి చుట్టి ముడివేయాలి. కిందికి వేలాడుతూ ఉంటే కోళ్ళు, పిల్లలు, మంచం కోళ్ళ మొనలు దాన్ని చింపుతాయి. పొయ్యికి, దీపానికి దూరంగా ఉండాలి. ఒక్క నిప్పురవ్వ చాలు, తెరకు చిల్లు పడుతుంది. మడిచి మూలన పడేస్తే ఎలుకలు కొరుకుతాయి.

ఉతకటంలో ఓపిక

ఈ తెరలను సాధారణంగా 20 ఉతుకులకు తట్టుకునేటట్లు తయారుచేస్తారు. మూడు నెలలకొకసారి ఉతికితే మూడేళ్ళలో 12 ఉతుకులవుతాయి. నెలనెలా ఉతికే ఇల్లాలికి రెండేళ్ళు నిండకముందే 20 పూర్తవుతాయి. తెల్లగా మెరిసే తెరకంటె కొంచెం మాసిన తెరే దోమకు ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

ఉతకవలసి వచ్చినప్పుడు తొట్టిలో చల్లని నీరు పోసి, మామూలు సబ్బుబిళ్ళతో మెల్లగా పిసకాలి. ఘాటైన సబ్బుపొడి, బ్లీచింగు పొడి, వేడినీరు పనికిరావు. బండమీద బాదితే గుడ్డా పోతుంది, మందూ పోతుంది. నీడలోనే ఆరవేయాలి, ఎండ మందును విరిచేస్తుంది. చెరువులోను, వాగులోను ఈ తెరను జాడించకూడదు, ఎందుకంటే ఈ మందు మనుషులకంటె చేపలకు ఎన్నో రెట్లు విషం. తొట్టి నీటిని మరుగుదొడ్డిలోనో, బావికీ పశువులకూ దూరంగా తీసిన గుంటలోనో పోయాలి.

చిరుగుల లెక్క

ఇక చిరుగుల సంగతి. ఎంత చిరిగితే తెర పనికిరానట్లు? దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. తెరల సర్వేల కోసం ఏర్పరచినదే అయినా ఇంట్లోనూ వాడుకోవచ్చు. కొలతబద్ద అవసరం లేదు. చేయి, తల ఉంటే చాలు. బొటనవేలు పట్టని చిల్లుకు 1 మార్కు. బొటనవేలు పట్టినా పిడికిలి పట్టనిదానికి 23. పిడికిలి పట్టినా తల దూరనిదానికి 196. తలకంటె పెద్దదానికి 576. అన్నీ కూడగా 64 లోపు వస్తే తెర బాగున్నట్లు. 642 వరకు వస్తే దెబ్బతిన్నది, అయినా పనికివస్తుంది. అది దాటితే మరీ చిరిగిపోయినట్లు.

మన ఇంటి తెరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూద్దాం. మంచం అంచుకు తగులుకొని చిరిగిన పెద్ద చిరుగు ఒకటి: 576. బొటనవేలు పట్టినా పిడికిలి పట్టని చిల్లులు మూడు: 69. మొత్తం 645. అంటే హద్దు దాటింది. కాని తొందరపడి పారవేయవద్దు. ఆ ఒక్క పెద్ద చిరుగునూ సూది దారంతో కుట్టేస్తే మిగిలేది 69 మాత్రమే! మూడు చిల్లులలో ఒకదానికి మాసిక వేస్తే 46. తెర మళ్ళీ బాగున్న వాటిలో చేరుతుంది. చిన్న చిల్లులు కనిపించాయని వాటినే ముందు కుట్టుతూ కూర్చునేవారు గ్రహించవలసింది ఇదే. ఎప్పుడూ అన్నిటికంటె పెద్ద చిరుగుతో మొదలుపెట్టాలి. సూది అందుబాటులో లేకపోతే ఆ రాత్రికి చిల్లు చుట్టూ గుడ్డను కూడదీసి దారంతో గట్టిగా ముడివేసినా చాలు.

కుట్టిన మరునాడే కుట్టు పక్కన మళ్ళీ చిరిగితే మాత్రం గుడ్డ నీరసించిందని అర్థం. అప్పుడు సూదికి పని లేదు.

మార్చే వేళ

కుట్టు గుడ్డను బాగుచేస్తుందే గాని, పోయిన మందును తిరిగి తేలేదు. మందు మిగిలిందో లేదో ఇంట్లో తెలుసుకునే మార్గం లేదు. ప్రయోగశాలలో దోమలను తెరగుడ్డకు మూడు నిమిషాలు తగలనిచ్చి, ఒక రోజు గడిచాక ఎన్ని చచ్చాయో లెక్కిస్తారు. మనకున్న ఆధారం తేదీ ఒక్కటే. కొత్త తెర వచ్చిన రోజునే దాని అంచుమీద చెరగని సిరాతో నెల, సంవత్సరం రాసుకోవాలి. ఉతికినప్పుడల్లా పక్కన ఒక గీత గీయాలి. మూడేళ్ళు నిండినా, గీతలు 20 అయినా, గుడ్డ కుట్టుకు ఆగకపోయినా కొత్తది అడగవలసిన సమయం వచ్చినట్లే.

అయితే కొత్తది చేతికందేదాకా పాతదాన్ని వదలకూడదు. మందు తరిగినా, చిరుగులు లేని తెర దోమను ఆపగలదు. అసలేమీ లేకపోవటంకంటె ఎంతో నయం. కొత్తది వచ్చాక పాతదాన్ని వాగులో చేపలు పట్టటానికి వాడకూడదు. ఆరుబయట తగులబెట్టకూడదు.

ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. మలేరియా దోమ ముఖ్యంగా రాత్రివేళ కుట్టుతుంది, కాబట్టి తెర దానికి తగిన ఆయుధం. పగలు కుట్టే డెంగీ దోమను అది పడుకున్న వేళ మాత్రమే ఆపగలదు. తెరలో పడుకున్నవారికి కూడా చలిజ్వరం వస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు.

చిన్నవాడు మాత్రలు పూర్తిగా మింగి కోలుకున్నాడనుకుందాం. ఆ ఇంట్లో ఇక మిగిలిన పని మూడో తెర సంపాదించటం, పెద్ద చిరుగు కుట్టటం, అంచుమీద తేదీ రాయటం. ఈ రాత్రి పక్క వేసేముందు మీ తెరను కూడా ఒకసారి దీపానికి ఎదురుగా పట్టి చూడండి.