స్కాన్ చేశాక పేరు చూడండి

కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లతో మాట్లాడిన బ్యాంకు ఉద్యోగిని కూరగాయల కొట్టునే ఉదాహరణగా తీసుకున్నారు. చెల్లింపు యాప్ తెరిచి, అందులోంచే కొట్టులోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలి. తెరపై ఒక పేరు వస్తుంది. “ఇది మీ పేరేనా బాబూ?” అని అడగాలి. అసలు కోడ్ మీద మోసగాళ్లు తమ స్టిక్కర్ అంటించి ఉంటే బయటపడేది ఇక్కడే. కొట్టు పేరుకు బదులు యజమాని పేరు కూడా రావచ్చు, అందుకే అడగడం తప్పనిసరి.

తర్వాత 85 రూపాయలని కొట్టి, 850 పడలేదని చూసుకుని, చెయ్యి అడ్డం పెట్టి పిన్ నొక్కాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, అడిగారంటే మోసమే.

చివరగా, ‘పెండింగ్’ అని వస్తే వెంటనే మళ్లీ పంపకుండా యాప్‌లోని లావాదేవీల జాబితా చూడాలి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.