రాబడి ఒక్కటే చాలదు: ఫండ్ రిస్క్‌ను కొలిచే మూడు అంకెలు

మ్యూచువల్ ఫండ్ సంస్థలు నెలనెలా విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్‌లో రాబడుల పట్టికతో పాటు స్టాండర్డ్ డీవియేషన్, బీటా, షార్ప్ రేషియో అనే మూడు అంకెలు కనిపిస్తాయి. సాధారణంగా గత మూడేళ్ల నెలవారీ రాబడుల నుంచి వీటిని లెక్కగడతారు. ఫండ్ ఎంత సంపాదించిందో రాబడి చెబుతుంది. ఆ సంపాదన కోసం మదుపరి ఎంత ఒడుదొడుకును భరించాల్సి వచ్చిందో ఈ మూడూ చెబుతాయి.

స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఫండ్ రాబడులు తమ సగటు నుంచి మామూలుగా ఎంత దూరం జరుగుతున్నాయనే కొలత. ఒక ఫండ్ ఒక నెల 2 శాతం పెరిగి, మరుసటి నెల కదలకుండా ఉంటూ ఏడాదంతా అలాగే నడిచిందనుకుందాం. ఇంకో ఫండ్ ఒక నెల 7 శాతం పెరిగి, మరుసటి నెల 5 శాతం పడుతూ సాగింది. రెండింటి నెలసరి సగటు 1 శాతమే. కానీ మొదటిది సగటుకు 1 శాతం దూరంలో, రెండోది 6 శాతం దూరంలో కదులుతోంది. వాటి నెలవారీ స్టాండర్డ్ డీవియేషన్లు అవే. ఏడాది లెక్కకు మార్చడానికి 12 వర్గమూలంతో, అంటే దాదాపు 3.46తో గుణిస్తే సుమారు 3.5, 20.8 శాతం వస్తాయి. ఈ తేడా జేబులోనూ తెలుస్తుంది. లక్ష రూపాయలు ఏడాది చివరికి మొదటి ఫండ్‌లో దాదాపు 1,12,600 అయితే, రెండోదానిలో 1,10,300 దగ్గరే ఆగుతాయి. పడిన సొమ్ము మళ్లీ పాత స్థాయికి చేరాలంటే పడిన శాతం కంటే ఎక్కువ పెరగాలి కాబట్టే ఈ నష్టం.

స్టాండర్డ్ డీవియేషన్ ఫండ్ మొత్తం కదలికను కొలుస్తుంది. అందులో మార్కెట్‌తో కలిసి వచ్చే భాగాన్ని చూపేది బీటా. ఫండ్ పోల్చుకునే సూచీ, ఉదాహరణకు నిఫ్టీ 50, బీటాను 1గా తీసుకుంటారు. బీటా 1.2 ఉన్న ఫండ్, సూచీ 10 శాతం పడితే సగటున 12 శాతం పడుతుందని, పెరిగినప్పుడూ అదే పాళ్లలో పెరుగుతుందని అంచనా. అయితే తక్కువ బీటా ఉన్నంత మాత్రాన ఫండ్ నిలకడైనదని అనుకోకూడదు. సూచీ వార్షిక స్టాండర్డ్ డీవియేషన్ 15, ఫండ్‌ది 20 శాతం ఉండి, రెండింటి మధ్య సహసంబంధం 0.4 మాత్రమే అయితే బీటా 0.53 దగ్గర తేలుతుంది. ఆ ఫండ్ సూచీ కంటే ఎక్కువే ఊగుతోంది, కాకపోతే సూచీతో కలిసి ఊగడం లేదు. అందుకే బీటాను ఎప్పుడూ స్టాండర్డ్ డీవియేషన్ పక్కన పెట్టుకుని చదవాలి.

రిస్క్‌నూ రాబడినీ ఒకే అంకెలోకి తెచ్చే కొలతను అమెరికన్ ఆర్థికవేత్త విలియం షార్ప్ 1966లో ప్రతిపాదించారు. ఫండ్ రాబడిలోంచి రిస్క్ లేకుండా దొరికే రాబడిని తీసేసి, మిగిలినదాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే షార్ప్ రేషియో వస్తుంది. మన ఫ్యాక్ట్‌షీట్లలో రిస్క్ లేని రాబడిగా చాలావరకు ఒక్కరోజు మైబార్ రేటును తీసుకుంటారు. ఆ రేటు 6 శాతం అనుకుందాం. ఒక ఫండ్ 18 శాతం రాబడిని 20 శాతం ఒడుదొడుకుతో ఇచ్చింది. అదనంగా వచ్చిన 12ను 20తో భాగిస్తే 0.60. మరో ఫండ్ 15 శాతం రాబడిని 12 శాతం ఒడుదొడుకుతో ఇచ్చింది. 9ని 12తో భాగిస్తే 0.75. రాబడిలో వెనకబడిన రెండో ఫండే, తీసుకున్న ప్రతి పాలు రిస్క్‌కూ ఎక్కువ ప్రతిఫలం ఇచ్చింది.

ఈ పోలిక ఒకే తరహా ఫండ్ల మధ్య, ఒకే కాలానికి, ఒకే రిస్క్ లేని రేటుతో చేసినప్పుడే చెల్లుతుంది. రేషియో సున్నా కంటే దిగితే అసలు పనికిరాదు. రెండు ఫండ్లూ 4 శాతమే ఇచ్చాయనుకుంటే, 10 శాతం ఒడుదొడుకున్నదానికి మైనస్ 0.2, 20 శాతం ఉన్నదానికి మైనస్ 0.1 వస్తాయి. ఎక్కువ ఊగిన ఫండే మెరుగైనదిగా కనబడుతుంది.

ఈ మూడు అంకెలూ జరిగిపోయిన ధరల కదలిక నుంచే పుడతాయి. ధరల్లో ఇంకా బయటపడని రిస్క్ వాటికి అందదు. డెట్ ఫండ్లలో ఈ లోటు మరీ ఎక్కువ. కొనేవారు లేని బాండ్లతో నిండిన ఫండ్ కూడా నెలల తరబడి నిలకడగా కనిపించవచ్చు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసివేసినప్పుడు మదుపరుల సొమ్ము ఆగిపోయి, తర్వాత విడతలవారీగా అందింది. అలాంటి ఫండ్లలో స్టాండర్డ్ డీవియేషన్ చూసే ముందు, అవి ఏ సంస్థల బాండ్లు కొన్నాయో, వాటికి ఎలాంటి రేటింగ్ ఉందో చూడాలి.