తెల్లబరిచిన ముఖం బూడిద రంగుకు ఎందుకు తిరుగుతుంది?

పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి మెడ, చేతులు చక్కటి చామనఛాయలో ఉంటాయి. ముఖం మాత్రం విబూది రాసినట్టు పాలిపోయి ఉంటుంది. ఎడిటింగ్‌లో ముఖానికి తెలుపు పూస్తే జరిగేది ఇదే.

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మామూలు వెలుతురులో చర్మం ఏ ఛాయదైనా దాదాపు ఎప్పుడూ ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ, ఆకుపచ్చ మధ్యన. మూడూ సమానమైతే వచ్చేది బూడిద రంగే. చర్మం చర్మంలా కనిపించేది ఆ అంకెల మధ్య ఉన్న ఎడం వల్లనే.

ఒక చెంప మీద 150, 105, 80 ఉన్నాయనుకుందాం. దాని మీద తెల్ల బ్రష్‌ను సగం గాఢతతో తిప్పితే 203, 180, 168 అవుతాయి. ఎరుపుకూ నీలానికీ మధ్య 70 ఉన్న ఎడం 35కు పడిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది నీలం. తెల్లటి చర్మాన్ని నలుపు పూసి ముదురు చేసినా ఎడం ఇలాగే కుంచించుకుపోయి మురికి పట్టినట్టుంటుంది. నిజమైన ముదురు ఛాయలో ఎరుపు, పసుపుల పాలు అంతకన్నా ఎక్కువ.

సవరించేటప్పుడు ముందుగా ఆ తెలుపు పొర గాఢతనే తగ్గించాలి. అసలు ఛాయ మార్చకుండా వెలుతురు మాత్రమే పెంచడం మేలని నా గట్టి అభిప్రాయం. తర్వాత ఫొటోషాప్‌లో పైన కలర్ బ్యాలెన్స్ పొర వేసి, మాస్క్‌తో ముఖ చర్మానికే పరిమితం చేయాలి. కళ్లనూ పళ్లనూ వదిలేయకపోతే అవి పసుపెక్కుతాయి. మిడ్‌టోన్స్‌లో మూడో స్లయిడర్‌ను పసుపు వైపు 15, 20 దాకా జరపండి. ఎక్కువగా పెరిగింది నీలమే కాబట్టి మొదట దాన్నే దించాలి. ఆపైన మొదటి స్లయిడర్‌ను ఎరుపు వైపు కొద్దిగా జరపండి. ముఖం ఆకుపచ్చగా తోస్తేనే మధ్య స్లయిడర్‌ను మెజెంటా వైపు కాస్త కదపాలి. ప్రిజర్వ్ ల్యూమినాసిటీ టిక్ పెట్టి ఉంచితే ఈ మార్పులతో వెలుతురు పెద్దగా మారదు. హైలైట్స్ జోలికి వెళ్లకండి. ముక్కు మీది మెరుపు దీపం వెలుగు తిరిగి పడినదే, అది తెల్లగానే ఉండాలి.

చూస్తూ ఉంటే కన్ను ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది, అందుకే అంకెలు చూసుకోవాలి. ఐడ్రాపర్‌తో అదే వెలుతురు పడుతున్న మెడనూ చెంపనూ పోల్చండి. మన ఉదాహరణలో అసలు చర్మానికి ఆకుపచ్చ అంకె ఎరుపులో 7/10 వంతు, నీలం సగానికి కాస్త పైన. తెలుపు పూశాక నీలం 8/10 వంతు దాటింది. చెంప పాళ్లు మెడ పాళ్లకు దగ్గరయ్యాక ఆపేయాలి. ఇంకా లాగితే ఎండకు కమిలినట్టవుతుంది.

ట్యూబ్‌లైట్ వల్ల ఫొటో అంతటా రంగు తేడా ఉంటే ముఖాన్ని ముట్టుకోకముందే వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. ఇక మూడు అంకెలూ 255కు చేరిన చోట చర్మం వివరం మిగలదు. అక్కడ కలర్ బ్యాలెన్స్ రంగు అద్దగలదేమో గాని పోయిన చర్మాన్ని తిరిగి తేలేదు. ఎడిట్ చేయని ఫైల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.