రిటైరైన తొలి ఏళ్ళలో మార్కెట్ పడితే

రిటైరైన మనిషి తన సొమ్మును షేర్ మార్కెట్‌లో ఉంచి, అందులోంచి నెలనెలా ఖర్చులకు తీసుకుంటుంటే, ఆ సొమ్ము ఎన్నేళ్ళు వస్తుందనేది సగటు రాబడి ఒక్కదాన్ని బట్టి తేలదు. మంచి ఏళ్ళు ముందొచ్చాయా, చెడ్డ ఏళ్ళు ముందొచ్చాయా అన్నది కూడా అంతే బలంగా తేలుస్తుంది. ఇద్దరికీ ఒకే రాబడులు వచ్చినా, ఇద్దరూ ఒకే మొత్తం తీసుకున్నా, వరుస మారినందువల్లే ఒకరి చేతిలో ఎక్కువ, మరొకరి చేతిలో తక్కువ మిగలొచ్చు. రాబడుల వరుస వల్ల వచ్చే ఈ ముప్పును ఆర్థిక సలహాదారులు ‘సీక్వెన్స్ రిస్క్’ అంటారు.

డబ్బు వేసి కదపకుండా వదిలేసేవాళ్ళకు ఈ ముప్పు లేదు. యాభై లక్షలు ముందు సగానికి పడి తర్వాత రెట్టింపైనా, ముందు రెట్టింపై తర్వాత సగానికి పడినా, చివరికి మిగిలేది యాభై లక్షలే. గుణకారంలో అంకెల వరుస మార్చినా ఫలితం మారదు కదా. మధ్యలో డబ్బు తీయడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఈ లెక్క చెల్లదు.

ఎందుకు చెల్లదో తెలియాలంటే మ్యూచువల్ ఫండ్‌లోంచి నెలనెలా డబ్బు ఎలా వస్తుందో చూడాలి. ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకున్నవారికి ఫండ్ కంపెనీ వడ్డీ ఇవ్వదు, వారి యూనిట్లలో కొన్నిటిని ఆ రోజు ధరకు అమ్మి ఆ సొమ్మును బ్యాంకు ఖాతాలో వేస్తుంది. యూనిట్ ధర వంద రూపాయలుంటే పాతిక వేలకు 250 యూనిట్లు పోతాయి. ధర 50కి పడితే అదే పాతిక వేలకు 500 యూనిట్లు పోతాయి. మార్కెట్ మళ్ళీ లేచినప్పుడు మిగిలిన యూనిట్ల విలువ పెరుగుతుంది గానీ, అమ్ముడైపోయినవి తిరిగి రావు. విత్తనాలకు దాచిన గింజల్ని కరువేడాది వండుకుతిన్న రైతుకు, మరుసటి ఏడు వానలు బాగా పడ్డా చల్లడానికి గింజలు మిగలనట్టే ఇది.

మన దేశంలో దీనికి 2008 నుంచి 2013 వరకు గడిచిన ఆరేళ్ళు మంచి ఉదాహరణ. 2007 చివరి రోజున సెన్సెక్స్ 20,287 దగ్గర ముగిసింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో సగానికి పైగా పడి 9,647కి దిగింది. 2009లో 81 శాతం లేచింది. 2010లో 17 శాతం పెరిగి, 2011లో దాదాపు 25 శాతం పడి, 2012లో 26, 2013లో 9 శాతం పెరిగి, 21,171 దగ్గర ఆగింది. అంటే ఆరేళ్ళు ఎగిరిపడి, మొత్తం మీద బయల్దేరిన చోటుకు కొద్దిగా పైన చేరింది.

2008 జనవరిలో రిటైరైన ఒక ఉద్యోగి యాభై లక్షలూ సెన్సెక్స్‌ను అనుసరించే ఫండ్‌లో పెట్టి, నెలకు పాతిక వేల చొప్పున ఏడాదికి మూడు లక్షలు తీసుకుంటున్నాడనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఏ ఏడాది మూడు లక్షలు ఆ ఏడాది మొదట్లోనే తీసినట్టు, డివిడెండ్లు, పన్నులు, ఖర్చులు లేనట్టు పెట్టుకుందాం. నెలనెలా తీసినట్టు లెక్కేస్తే అంకెలు కొంత మారతాయి, ధోరణి మారదు.

మొదట మూడు లక్షలు తీస్తే 47 లక్షలు మిగిలాయి. ఏడాది తిరిగేసరికి అవి 22 లక్షల 35 వేలయ్యాయి. 2009 ఖర్చుకు మళ్ళీ మూడు లక్షలు తీయాలి. మార్కెట్ 81 శాతం లేచిన మాట నిజమే, కానీ ఆ 81 శాతం వచ్చింది మిగిలిన 19 లక్షల 35 వేల మీదే. ఇలా సాగి 2013 చివరికి ఆయన దగ్గర 28 లక్షల 35 వేలు మిగిలాయి.

ఇప్పుడు ఆ ఆరేళ్ళలో 2008 ఒక్కదాన్ని తీసి చివర పెడదాం. మిగిలిన ఐదేళ్ళ వరుస అలాగే ఉంచుదాం. రాబడులు అవే, తీసుకున్న 18 లక్షలూ అవే. సగానికి పైగా పడిన ఏడాది మొదట కాకుండా ఆఖర్న వచ్చిందంతే. అప్పుడు మిగిలేది దాదాపు 40 లక్షల 90 వేలు. తేడా పన్నెండున్నర లక్షలు, అంటే నాలుగేళ్ళ ఇంటి ఖర్చు. అసలు ఏమీ తీయకుండా ఉంటే రెండు వరుసల్లోనూ 52 లక్షల 18 వేలే మిగిలేవి.

రిటైర్మెంట్ కోసం వేసే అంచనాలు చాలావరకు ఏటా ఒకే శాతం రాబడి వస్తుందనుకుని సాగుతాయి. అలాంటి కాగితం మీద పై రెండు దారులూ ఒకేలా కనిపిస్తాయి. అదే అసలు చిక్కు. సలహాదారు చూపిన పట్టికలో ప్రతి ఏడూ ఒకే రాబడి అంకె ఉంటే, అందులో ఈ ముప్పు లెక్కకే రాలేదని అర్థం చేసుకోవాలి.

పై ఉద్యోగి ఖర్చు ఆరేళ్ళూ మారలేదనుకున్నాం. నిజ జీవితంలో బియ్యం, మందులు, కరెంటు బిల్లు అలా ఆగవు. ఏటా ఆరు శాతం చొప్పున ఎక్కువ తీసి ఉంటే, అసలు వరుసలో 2013 చివరికి మిగిలేది 24 లక్షల 70 వేలే. అప్పటికి ఏడాది ఖర్చు 4 లక్షల 25 వేలు దాటింది. యాభై లక్షల మీద ఆరు శాతంగా మొదలైన ఖర్చు మిగిలినదాని మీద 17 శాతమైంది. షేర్లు అంత రాబడిని ఏటా ఇస్తాయని ఎవరూ ఆశించలేరు.

ముప్పును ముందుగా పసిగట్టే కొలత కూడా ఇక్కడే దొరుకుతుంది. ఏటా ఒకసారి ఆ ఏడాది ఖర్చును అప్పటికి మిగిలిన సొమ్ముతో భాగించి చూడాలి. ఈ ఉద్యోగికి మొదటి ఏడాది అది ఆరు శాతం. 2009 జనవరిలో 13 శాతం దాటింది. ఖాతాలో ఇంకా 22 లక్షలున్నాయన్న ధైర్యం కంటే ఈ అంకె చెప్పేదే నిజం. ఎనభై ఐదేళ్ళ మనిషికి 13 శాతం పెద్ద ప్రమాదం కాకపోవచ్చు, ముందున్న ఏళ్ళు తక్కువ కాబట్టి. అరవై ఒకటో ఏట అది ప్రమాద ఘంటికే.

అది మోగినప్పుడు అన్నిటికంటే బాగా పనిచేసేది ఖర్చు తగ్గించడం. 2009 జనవరిలో మూడు లక్షలకు బదులు రెండే తీసి ఉంటే, ఫండ్‌లో ఉండిపోయిన ఆ లక్ష 2013 చివరికి 2 లక్షల 19 వేలయ్యేది. అదే లక్షను ఏడాది ముందు, అంటే 2008 జనవరిలో, తీయకుండా ఉంచితే మిగిలేది లక్షా నాలుగు వేలే. పడిపోయిన మార్కెట్లో తీసే ప్రతి రూపాయి ఖరీదు రెట్టింపవుతోందన్నమాట. కారు మార్చడం, ఇంటికి రంగులు, దూరప్రయాణాలు లాంటి వాయిదా వేయగల ఖర్చులున్నవారికే ఈ ఉపాయం. పాతిక వేలూ మందులకు, అద్దెకే పోతున్న ఇంట్లో తగ్గించడానికి ఏమీ ఉండదు. అలాంటివారు మొదటి నుంచే మొత్తం సొమ్మును షేర్లలో పెట్టకూడదు.

రెండో దారి, మార్కెట్ పడిన రోజుల్లో యూనిట్లు అమ్మే అవసరం రాకుండా చూసుకోవడం. మూడేళ్ళ ఖర్చు తొమ్మిది లక్షలు బ్యాంకు ఎఫ్‌డీల్లో ఉంచి, మిగిలిన 41 లక్షలే షేర్లలో పెట్టి, మొదటి మూడేళ్ళూ ఎఫ్‌డీల నుంచే వాడుకున్నాడనుకుందాం. ఎఫ్‌డీ వడ్డీని లెక్కలో కలపకపోయినా, 2013 చివరికి 32 లక్షల 30 వేలు మిగిలేవి. అంతా షేర్లలో పెట్టినదానికంటే నాలుగు లక్షలు ఎక్కువ. కానీ పూర్తిగా గట్టెక్కించలేదు. ఎఫ్‌డీలు అయిపోయి షేర్ల వైపు మళ్ళిన 2011లోనే మార్కెట్ మళ్ళీ పడింది.

ఈ జాగ్రత్తకు ధర కూడా ఉంది. 2008ని చివర పెట్టిన మంచి వరుసలో ఇదే పని చేసి ఉంటే, వడ్డీ కలపకుండా 37 లక్షల 85 వేలు మిగిలేవి. అంతా షేర్లలో ఉంచితే వచ్చేదానికంటే మూడు లక్షలు తక్కువ. ఏ వరుస వస్తుందో రిటైరైన రోజున ఎవరికీ తెలియదు కనుక, ఆ మూడు లక్షలను బీమా ప్రీమియంలా చూడటమే సబబు.

మూడో దారి, తప్పనిసరి ఖర్చును మార్కెట్‌తో సంబంధం లేని ఆదాయంతో కట్టేయడం. అరవై దాటినవారికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ముప్పై లక్షల వరకు పెట్టే వీలుంది. చేరిన రోజు వడ్డీ రేటు ఐదేళ్ళూ మారదు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. దీని లోపం, ఆ వడ్డీ ధరలతో పాటు పెరగదు. అందుకే మొత్తం ఇందులోనే పెట్టినవారు వరుస ముప్పును తప్పించుకుని ద్రవ్యోల్బణం చేతికి చిక్కుతారు. డీఏతో పాటు పెరిగే పాత పెన్షన్ అందుకునే ప్రభుత్వోద్యోగికి ఈ రెండు బాధలూ దాదాపు లేవు. ఆ పెన్షన్‌లోనే ఇల్లు గడిచిపోతుంటే, ఆయన షేర్లు పడిన ఏడాది వాటి జోలికి వెళ్ళనవసరమే లేదు.

ఎంత శాతం తీస్తే నిలుస్తుందన్న ప్రశ్నకు తరచూ వినిపించే జవాబు నాలుగు శాతం. 1994లో అమెరికా సలహాదారు విలియం బెంగెన్ అక్కడి గత రికార్డులను, ఒక్కో ఏడాది రిటైరైనవారికి నిజంగా ఎదురైన వరుసలతోనే, పరీక్షించి ఈ అంకె చెప్పాడు. షేర్లు, బాండ్లు కలిపి ఉంచి, మొదటి ఏడాది నాలుగు శాతం తీసి, తర్వాత ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచుకుంటూ పోతే, చెడ్డ వరుసలో కూడా ముప్పై ఏళ్ళు వచ్చింది. అది ఆ దేశపు షేర్లు, ఆ దేశపు ధరల నుంచి పుట్టిన అంకె. ధరలు వేరే వేగంతో పెరిగే మన దేశంలో దాన్ని హామీగా తీసుకోకూడదు. అన్ని మార్కెట్లూ త్వరగా లేవవు కూడా. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర 38,915 దగ్గర ముగిసింది, ఆ ఎత్తును మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలోనే. అలాంటి పతనాన్ని మూడేళ్ళ ఎఫ్‌డీలు ఆపలేవు.

రిటైరైన తర్వాత సుమారు మొదటి పదేళ్ళలో ఈ ముప్పు ఎక్కువ. అప్పటికి సొమ్ము పెద్దది, గడపాల్సిన ఏళ్ళు ఎక్కువ. మొదటి పదేళ్ళు మంచివైతే, ఆ తర్వాత వచ్చే పతనం పెరిగిన సొమ్ము మీద పడుతుంది, పైగా నిలబెట్టాల్సిన ఏళ్ళూ తగ్గి ఉంటాయి. అందుకే కొందరు సలహాదారులు రిటైర్మెంట్ రోజున షేర్ల వాటా తక్కువగా ఉంచి, మొదటి ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లగా పెంచమంటారు. వయసు పెరిగేకొద్దీ షేర్లు తగ్గించాలన్న మామూలు సలహాకు ఇది పూర్తిగా ఎదురు. పై లెక్కల వరకు చూస్తే, మొదటి ఏళ్ళలో షేర్లు తక్కువుండాలన్న సగం మాత్రం సరైనదే.