టైలర్ కళ్లజోడు బంగారం పనివారికి ఎందుకు సరిపోదు? టేపుతో కొలిస్తే తెలుస్తుంది!

సాలూరులో ఒక టైలర్, ఒక బంగారం పనివారు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 50 ఏళ్లు, ఇద్దరికీ దూరపు సైటు లేదు. అయినా ఒకే కళ్లజోడు ఇద్దరికీ కుదరదు. కంటికీ పనికీ మధ్య దూరమే అసలు తేడా.

లెక్క తేలికే. 100ని ఆ దూరం ఎన్ని సెంటీమీటర్లో దానితో భాగించాలి. మిషన్ సూది 40 సెంటీమీటర్లలో ఉంటే రెండున్నర పవర్ కావాలి. నగలో రాళ్లు పొదగడానికి 25కి వంగితే 4 కావాలి. ఈ వయసులో కన్ను సొంతంగా 2 పవర్ సర్దుకోగలదనుకుంటే, రోజంతా అలసట లేకుండా వాడగలిగేది అందులో సగమే. ఆ ఒకటి తీసేస్తే టైలర్‌కు +1.50, బంగారం పనివారికి +3.00 అద్దాలు.

అయితే +3.00 పెట్టుకుంటే 33 సెంటీమీటర్లు దాటింది మసకే. తలెత్తితే ఎదురుగా ఉన్న కస్టమర్ ముఖం కూడా సరిగ్గా కనిపించదు. టైలర్ అవే పెట్టుకుంటే సూది కోసం ముందుకు వంగాల్సిందే, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పవర్ తక్కువైతే గుడ్డను దూరంగా జరుపుతుంటారు.

అందుకే కంటి పరీక్షకు వెళ్లేముందు, పని చేసే తీరులోనే కూర్చుని కంటి నుంచి సూది దాకా దూరాన్ని ఎవరితోనైనా టేపుతో కొలిపించుకోండి. ఆ అంకె డాక్టర్‌కు చెప్పండి.