3కీ 9కీ మధ్య మెట్టు లేదు

ముందు మేజోడు, తరువాత బూటు. ఈ వరస తిరగేస్తే ఫలితం మారిపోతుంది. కాఫీలో ముందు పాలు పోసి తరువాత పంచదార వేసినా, ముందు పంచదార వేసి తరువాత పాలు పోసినా వచ్చేది అదే కాఫీ. ఇలా వరస మారినా ఫలితం మారకపోతే ఆ రెండు పనులూ వినిమయ ధర్మం పాటించాయని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం.

గణితంలో సమూహం అంటే ఇలాంటి పనుల కూటమి. దానికి నియమాలు కొద్దివే. ఒక పని తరువాత మరొకటి చేస్తే వచ్చేది కూడా ఆ కూటమిలోనే ఉండాలి. 'ఏమీ చెయ్యకపోవడం' అనే పని అందులో ఉండాలి. ప్రతి పనినీ రద్దు చేసే పని ఒకటి ఉండాలి. మూడు పనులు వరసగా చేసేటప్పుడు ఏ రెండింటిని ముందు జత కట్టినా ఒకటే కావాలి. వినిమయ ధర్మం ఈ నియమాలలో లేదు. ఏ రెండు పనులు తీసుకున్నా వినిమయం కుదిరే సమూహాన్ని నార్వే గణితవేత్త ఏబెల్ పేరు మీద ఎబీలియన్ సమూహం అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక సమూహంలో సరిగ్గా 9 మూలకాలు ఉన్నాయనుకోండి. అవి ఏం చేస్తాయో నాకు చెప్పకండి. అయినా అది ఎబీలియన్ అని నేను చెప్పగలను. 4, 25, 49, 121 మూలకాలు ఉన్నా అంతే. ఏదైనా ప్రధాన సంఖ్య p తీసుకుంటే, p² మూలకాలున్న ప్రతి సమూహమూ ఎబీలియనే. కానీ 8 మూలకాలుంటే ఈ హామీ ఇవ్వలేను. తలకాయలు లెక్కపెట్టి స్వభావం ఎలా చెప్పగలుగుతున్నాం? 9 దగ్గర పనిచేసిన వాదన 8 దగ్గర ఎందుకు ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకచోటే ఉంది.

ముందు 8తో మొదలుపెడదాం. ఒక చదరపు అట్టముక్క తీసుకుని, దాని చోటులోనే మళ్ళీ సరిగ్గా కూర్చునేలా ఎన్ని రకాలుగా కదపవచ్చో చూడండి. కదపకుండా వదిలెయ్యవచ్చు. 90, 180, 270 డిగ్రీలు తిప్పవచ్చు. నిలువు గీత మీదుగా, అడ్డ గీత మీదుగా, రెండు కర్ణాల మీదుగా బోర్లించవచ్చు. మొత్తం 8. ఎడమ పై మూలలో ఒక చుక్క పెట్టి, గడియారం ముల్లు దిశలో 90 డిగ్రీలు తిప్పి, తరువాత నిలువు గీత మీదుగా బోర్లించండి. చుక్క మళ్ళీ ఎడమ పై మూలకే వస్తుంది. ముందు బోర్లించి తరువాత తిప్పితే కుడి కింది మూలకు పోతుంది. కాబట్టి ఇది ఎబీలియన్ కాదు.

నిలువు గీత మీదుగా బోర్లించడం, అడ్డ గీత మీదుగా బోర్లించడం వేరు వేరు పనులే. అయినా తలను 90 డిగ్రీలు వంచి చూసేవాడికి మొదటిది రెండోదానిలా కనిపిస్తుంది. ఇలా చూసే కోణం మార్చితే ఒకదానిలా మరొకటి కనిపించే పనులన్నిటినీ ఒక కుటుంబం అందాం. పాఠ్యపుస్తకాలలో దీన్ని కాంజుగసీ క్లాస్ అంటారు. సూత్రంలో చెప్పాలంటే, x అనే మూలకం కుటుంబంలో ఉండేవి g·x·g⁻¹ రూపంలో వచ్చేవన్నీ. మన అట్టముక్కలో కుటుంబాలు ఇవి: కదపకపోవడం ఒక్కటీ ఒక కుటుంబం, 180 డిగ్రీలు తిప్పడం ఒక్కటీ ఒక కుటుంబం, 90, 270 కలిసి ఒకటి, నిలువు, అడ్డ బోర్లింపులు కలిసి ఒకటి, రెండు కర్ణాల బోర్లింపులు కలిసి ఒకటి. సమూహాన్ని ఇలా కుటుంబాలుగా విడదీసి రాసిన కూడికనే క్లాస్ ఈక్వేషన్ అంటారు:

8 = 1 + 1 + 2 + 2 + 2

ఒంటరి కుటుంబాలను గమనించండి. ఏ కోణం నుంచి చూసినా మారని మూలకమంటే అందరితోనూ వినిమయం కుదిరేదన్నమాట. ఇలాంటి మూలకాలన్నిటినీ కలిపి సమూహపు కేంద్రం అంటారు. ఇక్కడ కేంద్రంలో 2 మూలకాలున్నాయి. సమూహమంతా కేంద్రమే అయితే అది ఎబీలియన్.

కుటుంబం పరిమాణం ఇష్టం వచ్చిన సంఖ్య కాలేదు. x తో వినిమయం కుదిరే మూలకాలన్నిటినీ x స్నేహబృందం అందాం. ఇద్దరు స్నేహితులను కలిపితే వచ్చేది కూడా స్నేహితుడే, స్నేహితుడి విలోమం కూడా స్నేహితుడే. కాబట్టి ఈ బృందం తనంతట తానే ఒక చిన్న సమూహం, అంటే ఉపసమూహం. దాన్ని బయటి మూలకంతో గుణిస్తే అంతే పరిమాణం గల మరో గుంపు వస్తుంది. అది మొదటి గుంపుతో ఎక్కడా కలవదు. ఇలా చేస్తూ పోతే సమూహమంతా సమానమైన గుంపులుగా తెగిపోతుంది. అందుకే ఉపసమూహపు పరిమాణం సమూహపు పరిమాణాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. ఒక గుంపులోని వాళ్ళందరికీ x ఒకేలా కనిపిస్తుంది. వేరే గుంపు వాళ్ళకి వేరేగా కనిపిస్తుంది. కాబట్టి కుటుంబంలో ఎన్ని మూలకాలో, గుంపులు అన్నే. అంటే కుటుంబ పరిమాణాన్ని స్నేహబృంద పరిమాణంతో గుణిస్తే మొత్తం సమూహం రావాలి. అట్టముక్కలో నిలువు బోర్లింపుకి నలుగురు స్నేహితులు, కుటుంబంలో ఇద్దరు. 4 × 2 = 8, సరిపోయింది.

ఇప్పుడు 9కి వద్దాం. కుటుంబ పరిమాణం 9ని భాగించాలి కనుక 1, 3, 9 మాత్రమే కాగలదు. 'ఏమీ చెయ్యకపోవడం' ఎప్పుడూ ఒంటరి కుటుంబం కనుక మిగిలినవి 8కి మించవు. అందుచేత 9 పరిమాణం గల కుటుంబం అసాధ్యం. ఒంటరులు కాని కుటుంబాలన్నీ 3 పరిమాణంవే. మొత్తం 9లోంచి వీటిని తీసేస్తే మిగిలేది 3 గుణిజం. కాబట్టి కేంద్రం పరిమాణం 3 గుణిజం కావాలి. అది 1 కాలేదు; 3 గాని, 9 గాని అవుతుంది.

చాలామంది ఇక్కడే 'నిరూపించబడింది' అని రాసేస్తారు. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతూ ఆల్జీబ్రా కోర్సు తీసుకున్నాడు. ఇంటిపని సగం మార్కులతో తిరిగొచ్చేసరికి నాకు ఫోను చేశాడు. "కేంద్రంలో ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని చూపించాను కదా మామయ్యా, ఇంకేం కావాలి?" అన్నాడు. "9 = 1 + 1 + 1 + 3 + 3 అని రాస్తే కూడిక తప్పుతుందా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని, "తప్పదు" అన్నాడు. కేంద్రంలో ముగ్గురు, ఆపైన ముగ్గురేసి ఉన్న రెండు కుటుంబాలు. లెక్క సరిపోతుంది, భాగహారమూ సరిపోతుంది. అట్టముక్కలోనూ కేంద్రం 1 కంటే పెద్దదే, అయినా అది ఎబీలియన్ కాలేదు. కనుక క్లాస్ ఈక్వేషన్ ఒక్కటే ఈ పని ముగించలేదు.

ముగించేది స్నేహబృందమే. కేంద్రంలో 3 మాత్రమే ఉన్నాయనుకుని, కేంద్రం బయట ఒక x తీసుకోండి. దాని స్నేహితులెవరు? కేంద్రంలోని ముగ్గురూ అందరికీ స్నేహితులే కనుక x కి కూడా స్నేహితులే. x తనకు తాను స్నేహితుడే. ఈ నలుగురూ ఖాయం. కానీ స్నేహబృందం ఉపసమూహం కాబట్టి దాని పరిమాణం 9ని భాగించాలి. 4 గాని అంతకంటే ఎక్కువ గాని అయి, 9ని భాగించే సంఖ్య 9 ఒక్కటే. అంటే x కి అందరూ స్నేహితులే. అలాంటప్పుడు x కేంద్రంలో ఉండాలి. బయట ఉందని కదా తీసుకున్నాం! ఈ వైరుధ్యం వల్ల కేంద్రం 3 కాలేదు, 9 కావలసిందే.

ఈ వాదనలో 3 బదులు p, 9 బదులు p² రాసుకుంటే ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. p² ని భాగించేవి 1, p, p² మాత్రమే. p మీద ఒక్క మూలకం చేరినా తరువాతి మెట్టు p² యే. మధ్యలో నిలబడడానికి చోటు లేదు.

8 దగ్గర ఏం జరిగిందో ఇప్పుడు సులభంగా కనిపిస్తుంది. కేంద్రంలో 2, దాని మీద x చేరితే కనీసం 3, తరువాతి మెట్టు 4. అది 8ని భాగిస్తుంది. స్నేహబృందం అక్కడ హాయిగా ఆగిపోయింది. 27లో కూడా 3కీ 27కీ మధ్య 9 అనే మెట్టు ఉంది. దాని మీద నిలబడే సమూహం నిజంగానే ఉంది. 3×3 మాత్రికలలో కర్ణం మీద అన్నీ 1లు, కర్ణం కింద అన్నీ 0లు, పైనున్న మూడు చోట్లా 0, 1, 2 లలో ఏదైనా పెట్టి, 3తో భాగించిన శేషాలతో లెక్క చెయ్యండి. 27 మాత్రికలు వస్తాయి. కుడి పై మూలలో తప్ప కర్ణం పైన ఇంకెక్కడా సున్న కానిది లేని 3 మాత్రికలే కేంద్రం. మిగిలిన 24 మాత్రికలు ముగ్గురేసి చొప్పున 8 కుటుంబాలు. ప్రతి ప్రధాన సంఖ్యకీ p³ దగ్గర ఇలాంటి సమూహాన్ని కట్టవచ్చు.

పరిమాణం ఒకే ప్రధాన సంఖ్య ఘాతం కాకపోతే మొదటి అడుగే జారిపోతుంది. మూడు వస్తువుల వరసలు మార్చే సమూహంలో 6 = 1 + 2 + 3. ఇక్కడ 2కీ 3కీ ఉమ్మడి భాజకం లేదు కనుక కేంద్రంలో ఒక్కటే మిగిలినా లెక్క కుదిరింది. ప్రధాన సంఖ్య ఘాతం పరిమాణంగా గల సమూహాలకు ఇలా జరగదని చూపినవాడు నార్వే గణితవేత్త సీలో. 1872లో తన పేరు నిలబెట్టిన సిద్ధాంతాలు ప్రచురించేనాటికి ఆయన హైస్కూలు ఉపాధ్యాయుడు.

ఎబీలియన్ అని తేలాక 9 మూలకాల సమూహాలు ఎన్ని రకాలు? రెండే. ఒకటి 9 గంటల గడియారం: ముల్లు ఒక్కో గంట జరుగుతూ తొమ్మిదో అడుగుకి మొదటికొస్తుంది. రెండోది పక్కపక్కన పెట్టిన రెండు 3 గంటల గడియారాలు. ఇందులో ఏ కదలికనైనా మూడుసార్లు చేస్తే మొదటికే వస్తాం. ఏది ఏదో పోల్చుకోవడానికి ఆ ఒక్క పరీక్ష చాలు. 121 మూలకాలున్నా ఇలాగే రెండే రకాలు.

వెళ్ళేముందు ఒక లెక్క. ఎవరైనా 25 = 5 + 5 + 5 + 5 + 5 అని క్లాస్ ఈక్వేషన్ రాసి, మొదటి 5 కేంద్రమనీ, మిగిలిన నాలుగూ కుటుంబాలనీ అంటే, కూడికలో తప్పు వెతకకండి. రెండో 5లోంచి ఒక మూలకాన్ని తీసి, దాని స్నేహితులెందరో అడగండి. కుటుంబంలో 5 ఉన్నాయి కనుక 5 అనాలి. కేంద్రమూ తానూ కలిపి అప్పటికే 6 అయిపోయాయి.